చెయ్యెత్తితే తిమ్మిరి: బెల్టు మేలా, భుజం లేపే వ్యాయామం మేలా?

జడ వేసుకునేటప్పుడో, గోడకు రోలర్ వేసేటప్పుడో చెయ్యి బరువెక్కి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే అందరూ అడిగేది ఒకటే: మెడకు కాలరా, వీపుకు బెల్టా, వ్యాయామమా? కాలర్‌ను ముందే పక్కన పెట్టొచ్చు. థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అనే ఈ సమస్యలో నొక్కుడు కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య సందులో, లేదా దాని పైన మెడ పక్క కండరాల మధ్య ఉంటుంది. చేతి నరాలు, రక్తనాళాలు వెళ్లే దారి అదే. మెడ డిస్కు నొప్పి అయితే చెయ్యి తలమీద పెట్టుకున్నప్పుడు చాలాసార్లు తగ్గుతుంది. ఈ సమస్యలో మాత్రం చెయ్యెత్తితే పెరుగుతుంది, తిమ్మిరి ఎక్కువగా చిటికెన, ఉంగరపు వేళ్లలో ఉంటుంది.

అసలు తేల్చాల్సింది మీ భుజం ఎటు పోయిందన్నది. భుజం కిందికి జారిన మనిషికి బెల్టు కడితే అది భుజాన్ని వెనక్కీ కిందికీ లాగి, ఆ సందును ఇంకా మూసేస్తుంది. ఛాతీ కండరం బిగిసి భుజాలు ముందుకు వంగినవాళ్లకు మాత్రం కాసేపు కట్టుకుంటే కొంత ఉపయోగం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని, ముంజేతుల కింద దిండ్లు పెట్టి భుజాలు కొంచెం పైకి లేచేలా 3 నిమిషాలు ఉండండి. బరువు తగ్గిందా, మీకు కావాల్సింది లేపడమే. నొక్కుడు వదిలేటప్పుడు కాసేపు తిమ్మిరి పెరిగినా భయపడొద్దు. తర్వాత భుజాలు వెనక్కి, కిందికి లాగి ఒక నిమిషం నిలబడండి. అదే తిమ్మిరి వస్తే బెల్టు జోలికి పోవద్దు.

కడపలో ఒక పెయింటర్ అనుకోండి. 20 లీటర్ల బకెట్ కుడిచేత్తో మోస్తాడు, భుజం జారుతుంది. అదే చేత్తో సీలింగ్‌కు రంగు వేస్తాడు. బెల్టు కడితే మధ్యాహ్నానికే చెయ్యి పడిపోయినట్టవుతుంది. బకెట్‌ను సగం సగం చేసి మోయాలి. రోలర్‌కు పొడుగు కర్ర తగిలిస్తే చెయ్యి భుజం కంటే కిందే ఉంటుంది. వ్యాయామం ఇలా: చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టి, భుజాలను చెవుల వైపు మెల్లగా లేపి, 5 సెకన్లు ఆపి, మెల్లగా దించాలి. 10 సార్లు, రోజుకు రెండు పూటలు. మొదట్లో డంబెల్స్ పట్టుకోవద్దు, బరువు భుజాన్ని మళ్లీ కిందికే లాగుతుంది. తిమ్మిరి వస్తే అక్కడితో ఆపి, మర్నాడు తక్కువ ఎత్తుకే లేపాలి. రాత్రి చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. తేడా తెలియడానికి 6 వారాల నుంచి 3 నెలలు పడుతుంది.

ఆపరేషన్, అంటే మొదటి పక్కటెముక తీసేయడం, నెలల తరబడి వ్యాయామం చేసినా లాభం లేనివాళ్లకు. బొటనవేలి మొదట్లో కండ కరుగుతుంటే మాత్రం ఆగకుండా నరాల డాక్టరుకు చూపించాలి. ఈ నొక్కుడుకు కారణమయ్యే అదనపు పక్కటెముక ఉందేమో మెడ ఎక్స్‌రేలో తెలుస్తుంది. చెయ్యి ఉన్నట్టుండి ఉబ్బి నీలంగా మారినా, వేళ్లు చల్లబడి పాలిపోయినా రక్తనాళం నొక్కుకున్నట్టో, గడ్డ కట్టినట్టో అనుమానించాలి. అప్పుడు వ్యాయామం ఆపి ఆరోజే పెద్దాసుపత్రికి పోయి డాప్లర్ స్కాన్ చేయించుకోవాలి.