కింది కట్టుడు పళ్ల సెట్టు కదలకుండా "రెండు ఇంప్లాంట్లు, 50 వేలు" అంటున్నారా? వైజాగ్‌లో అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

గాజువాక వైపు ఒక క్లినిక్‌లో 71 ఏళ్ల ఆవిడకు కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేశారు. పాత కట్టుడు పళ్లు మాట్లాడుతుంటేనే పైకి లేచిపోతున్నాయని వెళ్లారు. చీటీ మీద రాసిచ్చింది ఒకే వాక్యం: "రెండు ఇంప్లాంట్లు, 50,000, లైఫ్‌టైం గ్యారంటీ." మూడు నెలల తర్వాత సెట్టు బిగించే రోజున "అటాచ్‌మెంట్లు వేరు" అని 24,000 అడిగారు. పాత సెట్టులో వాటిని అమర్చినందుకు ఇంకో 6,000. నాలుగో నెలలో ఆ సెట్టు సరిగ్గా కోరపంటి దగ్గర రెండు ముక్కలైంది. లోపల లోహపు జాలీ పెట్టిన కొత్త సెట్టుకు 22,000. మొత్తం 1,02,000. క్లినిక్ పేరు కామెంట్లలో అడగొద్దు, చెప్పం. ఇలాంటి చీటీలు నగరంలో చాలాచోట్ల రాస్తున్నారు కాబట్టి, ఎక్కడ మోసపోతామో తెలుసుకోవడమే ముఖ్యం.

ముందు వస్తువులేమిటో చూద్దాం. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి దిగే టైటానియం మర మాత్రమే. అదొక్కటే ఉంటే సెట్టును ఏదీ పట్టుకోదు. దాని మీద చిగురు పైకి కనిపించేలా ఒక చిన్న గుండీ బిగిస్తారు, అది అబట్‌మెంట్. ఎక్కువగా వాడేది లొకేటర్ రకం, కొందరు బంతి ఆకారంలో ఉండేది వేస్తారు. ఇక సెట్టు అడుగున ఆ గుండీకి ఎదురుగా చిన్న లోహపు టోపీ, అందులో నైలాన్ ముక్క ఉంటాయి. సెట్టు పెట్టగానే 'టక్'మని పట్టేది ఈ నైలాన్ ముక్కే. అటాచ్‌మెంట్లంటే ఈ గుండీ, టోపీ, నైలాన్ ముక్కలే. ప్రకటనలో కనిపించే ధర చాలాసార్లు మొదటి భాగానిదే. "లైఫ్‌టైం గ్యారంటీ" కూడా ఆ మరకే, అదీ తయారీ కంపెనీ ఇచ్చేది. మర ఊడిపోతే ఇంకో మర ఇస్తారు. గుండీ అరిగినా, నైలాన్ వదులైనా, సెట్టు విరిగినా ఆ గ్యారంటీ పనికిరాదు. రోజువారీగా పాడయ్యేవి ఈ మూడే.

పాత సెట్టు ఎందుకు విరిగిందంటే, అందులో చోటు లేదు. లొకేటర్, దాని టోపీ, చుట్టూ కాస్త మందంగా సెట్టు చేసే ప్లాస్టిక్, అంటే అక్రిలిక్, పైన పన్ను, ఇవన్నీ పట్టాలంటే చిగురు నుంచి పంటి కొన దాకా కనీసం 8 నుంచి 9 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. రెండు మరలను కలుపుతూ కడ్డీ వేసే పద్ధతికైతే 12 పైన ఉండాలి. ఆవిడ సెట్టు పల్చగా చేసినది. టోపీ కోసం అడుగున తవ్వేసరికి కోరపంటి కింద అక్రిలిక్ కాగితంలా మిగిలింది. నమిలిన ప్రతిసారీ ఒత్తిడంతా అక్కడే పడుతుంది, కాబట్టి అక్కడే విరుగుతుంది. పాత సెట్టును వాడుకోవడం తప్పు కాదు. పళ్ల ఎత్తు, పైపళ్లు కిందిపళ్లు కలిసే కాటు బాగుండి, చోటు ఉంటే ఖర్చు కలిసొస్తుంది. కాకపోతే ఆ చోటును ఇంప్లాంట్ వేసిన తర్వాత కాదు, వేయకముందే కొలవాలి.

ఇంకో పొరపాటు టోపీని సెట్టులో అతికించిన రోజు జరిగింది. ఈ పని నోట్లోనే చేస్తారు. ముందు గుండీ చుట్టూ తెల్లటి పల్చని రింగు వేసి, ఇంకా గట్టిపడని అక్రిలిక్ కిందికి జారకుండా అడ్డం పెట్టాలి. దాని మీద టోపీని, పని జరిగేంత వరకు ఉంచే నల్ల నైలాన్ ముక్కతో సహా పెట్టాలి. సెట్టు అడుగున తవ్విన గుంట టోపీకి ఎక్కడా తగలకూడదు. అది చూసుకున్నాకే కొద్దిగా అక్రిలిక్ వేసి సెట్టును పెట్టి, పళ్లు మెల్లగా ఆనించమంటారు. గట్టిగా కొరకమనకూడదు. గట్టిగా కొరికితే వెనక చిగురు అణిగి ఉన్నప్పుడే అక్రిలిక్ గట్టిపడిపోతుంది. సెట్టు తీశాక చిగురు మళ్లీ పైకి లేస్తుంది, ఇక సెట్టు చిగురు మీద సరిగ్గా కూర్చోదు, రెండు గుండీల మీద ఊగుతుంది. ఆవిడకు అదే అయ్యింది. నైలాన్ ముక్కలు కొన్ని వారాల్లోనే వదులయ్యాయి, సెట్టు విరగడానికీ ఆ ఊగుడు తోడైంది. తెల్ల రింగు మరిచిపోతే ఇంకా ఇబ్బంది: అక్రిలిక్ గుండీ నడుం కిందికి చేరి గట్టిపడి సెట్టు నోట్లోనే ఇరుక్కుంటుంది, కోసి తీయాల్సి వస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల సెట్టును మీరే పరీక్షించొచ్చు. సెట్టు పెట్టాక రెండు చూపుడు వేళ్లతో రెండు వైపులా వెనక దంతాల మీద ఒకేసారి కిందికి నొక్కండి. ముందు పళ్లు పైకి లేస్తే వెనక భాగం చిగురును తాకడం లేదని అర్థం. దానికి మందు నైలాన్ మార్చడం కాదు, సెట్టు అడుగును చిగురుకు తగ్గట్టు మళ్లీ నింపించడం, అంటే రీలైన్. ముందు పళ్లతో గట్టిగా కొరికినప్పుడు వెనక కొంచెం లేవడం మాత్రం రెండు ఇంప్లాంట్ల సెట్టుకు సహజమే.

సరైన క్రమం ఇలా ఉంటుంది. ముందు సెట్టు, ఆ తర్వాత ఇంప్లాంటు. కొత్త సెట్టు చేయించి లేదా ఉన్నదాన్ని సరిచేయించి, కొన్నాళ్లు వాడి చూడాలి. నిజం చెప్పాలంటే కొందరికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది. అంచులు పొడవై నాలుక కదిలినప్పుడల్లా సెట్టును తోసేయడం, కాటు తప్పడం, వీటికి ఇంప్లాంట్ అక్కర్లేదు. పై సెట్టు అంగిలి మొత్తం పట్టుకుని గాలి లాగినట్టు అతుక్కుంటుంది. కిందిదానికి ఆ చోటు లేదు, మధ్యలో నాలుక ఉంది, పైగా కింది ఎముక పైదానికంటే చాలా ఎక్కువగా అరిగిపోతుంది. అలా ఎముక పూర్తిగా చదునైనవాళ్లకు ఎంత మంచి సెట్టు చేసినా కదులుతుంది. రెండు ఇంప్లాంట్లు ముఖ్యంగా వాళ్లకే. 2002లో మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చుని, పళ్లన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల సెట్టునే మొదటి ఎంపికగా చూడాలని ప్రకటన ఇచ్చారు. చికిత్స మంచిదే, అమ్మే తీరు మీదే మా ఫిర్యాదు.

సెట్టు సరిగ్గా కుదిరాక దవడ ఎముకను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ తీసి, ఇంప్లాంట్లు కోరపళ్ల స్థానంలో వేస్తారు. ఆ చోటుకు కొంచెం వెనకగా పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొస్తుంది, అందుకే దాని ముందే ఆగుతారు. దవడలు మొత్తం ఒకే బొమ్మలో పడే మామూలు ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ వెడల్పు తెలియదు. 3.5 మిల్లీమీటర్ల మర దిగాలంటే చుట్టూ ఎముక మిగలాలి కాబట్టి సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు చూస్తారు. ఓపీజీ ఒక్కటి చూసి "ఎముక బాగుంది" అంటే స్కాన్ అడగండి. తర్వాత ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు ఆగి, గుండీలు బిగిస్తారు. రెండు మరలూ వీలైనంత సమాంతరంగా ఉండాలి. ఒకటి అటు, ఒకటి ఇటు వాలితే సెట్టు పెట్టి తీసిన ప్రతిసారీ నైలాన్ ఒరుసుకుపోతుంది.

ప్రయోజనం గురించి ఊరించే మాటలు నమ్మకండి, ఉన్నది చాలు. మాట్లాడేటప్పుడు సెట్టు లేవదు, అన్నం, కూర, చపాతీ ధైర్యంగా నమలొచ్చు, ఇంప్లాంట్ చుట్టూ ఎముక అరగడం నెమ్మదిస్తుంది. కానీ ఇవి ఫిక్స్‌డ్ పళ్లు కావు. నమిలే బరువు ఇంకా వెనక చిగురు మీదే పడుతుంది. జామగింజలు, నువ్వులు అడుగున చేరతాయి. తేగలు, చెరుకు పీకి తినే పని ఈ సెట్టుతో వద్దు. రాత్రి తీసి కడగాలి, గుండీల చుట్టూ కూడా మెత్తని బ్రష్‌తో రుద్దాలి. కింద పట్టు పెరిగాక కొందరికి పై సెట్టు వదులైనట్టు అనిపిస్తుంది, దానికీ రీలైన్ అవసరమవుతుంది.

ఏటా అయ్యే ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. లొకేటర్ నైలాన్ ముక్కలు రంగును బట్టి పట్టు ఇస్తాయి: నీలం సుమారు 0.7 కిలోలు, గులాబీ 1.4, తెల్లగా ఉండేది 2.3. చేతుల్లో బలం తగ్గిన పెద్దవాళ్లకు నీలంతో మొదలుపెట్టడమే మంచిది, లేదంటే సెట్టు తీయలేక ఏడుస్తారు. ఈ ముక్కలు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి మార్చాలని లెక్క వేసుకోండి. సెట్టును వేళ్లతో నొక్కి పెట్టాలి. పళ్లతో కొరికి బిగిస్తే నైలాన్ త్వరగా పోతుంది. గరుకు పళ్లపొడితో రుద్దకూడదు, వేడినీళ్లలో వేయకూడదు.

"కోత లేదు, ఒక్కరోజులో అయిపోతుంది" అనేవాళ్లు తరచుగా చెప్పేది మినీ ఇంప్లాంట్ల గురించి. అవి 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటాయి, కింది దవడకు సాధారణంగా నాలుగు వేస్తారు. ఎముక సన్నగా ఉన్నవాళ్లకు అవి పనికొస్తాయి. కాకపోతే మర, గుండీ ఒకే ముక్క కాబట్టి బంతిలాంటి ఆ గుండీ అరిగితే అదొక్కటే మార్చలేరు, సన్నం కాబట్టి విరిగే ప్రమాదం ఎక్కువ. రెండు మినీలు వేసి మామూలు ఇంప్లాంట్ల ధర తీసుకుంటుంటే మరొకరి దగ్గర చూపించండి.

ఎముకలు బలహీనమని ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు గానీ, వారానికోసారి మాత్ర గానీ వాడుతుంటే దంతవైద్యుడికి తప్పకుండా చెప్పండి. ఆ మందులతో దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. షుగరు అదుపులో లేకపోయినా, దవడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా అంతే. మన తీరప్రాంతంలో చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. వాళ్ల అంగిలిని ముందు పరీక్ష చేయించాలి, చుట్ట మానకుండా ఇంప్లాంట్ జోలికి వెళ్లకపోవడం మేలు.

అడ్వాన్స్ కట్టే ముందు చీటీలో ఇవి విడివిడిగా రాయించుకోండి: మర కంపెనీ పేరు, సైజు, ఎన్ని. అబట్‌మెంట్ రకం, రెండింటి ధర. టోపీలు, నైలాన్ ముక్కలు అందులో కలిసి ఉన్నాయా. సెట్టు కొత్తదా పాతదా, లోహపు జాలీ ఉందా. స్కాన్ ఎవరి ఖర్చు. మర ఎముకకు పట్టకపోతే మళ్లీ వేయడానికి ఎంత. ఇంకో చోట ధర పోల్చాలంటే రుషికొండలోని గీతం, సంగివలస దగ్గరి అనిల్ నీరుకొండ దంత కళాశాలల్లో కట్టుడు పళ్ల విభాగానికి వెళ్లి అడగొచ్చు. అక్కడ ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు, అది లెక్కలో పెట్టుకోండి.

ఇప్పటికే వేయించుకున్నవాళ్లు మర డబ్బా మీది స్టిక్కర్ అడిగి తీసుకోండి. దాని మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. పైన చెప్పిన ఆవిడ కొత్త క్లినిక్‌కు వెళ్తే, మర ఏ కంపెనీదో తెలియక సరిపోయే గుండీ వెతకడానికే వారాలు పట్టింది. పాత క్లినిక్ స్టిక్కర్ ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం కాపీ, బిల్లులు, విరిగిన సెట్టు ముక్కలు దాచండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, అక్కడ పనికొచ్చేవి అవే.