పొద్దున్నే వచ్చే కరెంట్ అఫైర్స్ పోస్టు: ఏడాది పైగా చదివాక

బెంగళూరు మారతహళ్లిలో పీజీ, సిల్క్ బోర్డు దగ్గర ఆఫీసు. మధ్యలో 500D బస్సు. ఆ బస్సులో పోయే గంటే నాకు గ్రూప్-2 కరెంట్ అఫైర్స్ టైము. 2025 జనవరిలో ఒక టెలిగ్రామ్ ఛానెల్‌లో చేరాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. తిట్టాల్సిన సంగతి కూడా ఒకటుంది కాబట్టి పేరు చెప్పను.

ఆరున్నరకల్లా ఒకే పోస్టు వస్తుంది. ఎనిమిది వార్తలకు మించవు. సాయంత్రం ఐదు క్విజ్ పోల్స్. ఇదివరకు చూసిన ఛానెళ్లలో రోజుకు నలభై వార్తలు కుమ్మరించేవాళ్లు, పదో దానికే కళ్లు మూతలు పడేవి. ఇక్కడ ఒక్కో వార్తకు మూడే లైన్లు: ఏం జరిగింది, అంతకుముందు ఎంత ఉండేది, దానికి పుస్తకంలో ఉన్న పాఠం ఏమిటి. ఫిబ్రవరి 7న ఆర్‌బీఐ వడ్డీ తగ్గించినప్పుడు ఇలా పెట్టారు:

రెపో రేటు 6.25 శాతం
ముందు: 6.50 శాతం
పాఠం: ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు సభ్యులు, గవర్నరే అధ్యక్షుడు

నాకు బాగా పనికొచ్చింది ఆ "ముందు" లైనే. ఏప్రిల్ 9న రేటు 6కు, జూన్ 6న 5.50కి దిగింది. `#RBI` అని వెతికితే మూడు పోస్టులూ వరసగా వస్తాయి. ఒకదాని "ముందు" ఇంకొకదాని రేటుతో కలుస్తుంది. ఎక్కడైనా కలవకపోతే మధ్యలో ఒక పోస్టు చదవలేదని వెంటనే తెలిసిపోతుంది.

దెబ్బ తగిలింది కూడా ఆ జూన్ 6 వార్త మీద వచ్చిన పోస్టుతోనే. రెపోతో పాటు ఆ రోజు ఆర్‌బీఐ నగదు నిల్వల నిష్పత్తిని, అంటే సీఆర్‌ఆర్‌ని, ఒక శాతం తగ్గిస్తామంది. మా ఛానెల్ "సీఆర్‌ఆర్ 3 శాతం, ముందు 4 శాతం" అని పెట్టేసింది. అంకెలు రెండూ సరైనవే. కానీ రెపో కోత వెంటనే అమల్లోకి వచ్చింది, సీఆర్‌ఆర్ కోత రాలేదు. దాన్ని పావు శాతం చొప్పున నాలుగు విడతలు చేసి సెప్టెంబర్ 6, అక్టోబర్ 4, నవంబర్ 1, నవంబర్ 29 అని తేదీలిచ్చారు. అంటే జులైలో సీఆర్‌ఆర్ ఇంకా 4 శాతమే. జులైలో రాసిన ఒక మాక్ టెస్టులో "ప్రస్తుత సీఆర్‌ఆర్ ఎంత?" అని అడిగితే నేను దర్జాగా 3 పెట్టాను. మార్కు పోయింది, పైన నెగెటివ్. కీ తప్పని రూమ్మేట్‌తో అరగంట వాదించాను కూడా. వాడిది అనంతపురం, బ్యాంకు పరీక్షలు రాస్తాడు. "ఆర్‌బీఐ ప్రకటన తెరువురా, తర్వాత అరుద్దువు" అన్నాడు. తెరిచాను, నోరు మూసుకున్నాను.

తీరా చూస్తే ఛానెల్ వాళ్లు ఆ పోస్టును జూన్ 7 రాత్రే దిద్దారు. నాకు తెలియలేదంతే. నేను పొద్దున పోస్టులను సేవ్డ్ మెసేజెస్‌కి ఫార్వర్డ్ చేసుకుని అక్కడే తిరగేస్తుంటాను. టెలిగ్రామ్‌లో అసలు పోస్టు మార్చినా ఫార్వర్డ్ చేసిన కాపీ మారదు, పాత తప్పు అలాగే ఉంటుంది. సాయంత్రం క్విజ్ పోల్ సంగతి మరీ అన్యాయం. ఒకసారి పెట్టాక దాని ప్రశ్నా జవాబూ మార్చడానికి వీల్లేదు, తీసేసి మళ్లీ పెట్టాల్సిందే. వాళ్లు తీయలేదు. నెలాఖరు పీడీఎఫ్‌లోనూ దిద్దకముందు పోస్టే ఎక్కింది.

ఇవన్నీ రాసి అడ్మిన్‌కి పంపాను. నాలాంటి వాళ్లు ఇంకా పంపి ఉంటారు. ఆగస్టు నుంచి నాలుగో లైను చేర్చారు: "అమలు". డిసెంబర్ 5న రెపో 5.25కి తగ్గినప్పుడు "ముందు: 5.50, అమలు: వెంటనే" అని ఉంది. పాత చట్టాల పోస్టుల్లోనూ ఈ లైను చేరుస్తున్నారు. భారతీయ న్యాయ సంహితకు రాష్ట్రపతి ఆమోదం 2023 డిసెంబర్ 25, అమలు 2024 జులై 1. పరీక్షలో ఈ రెండు తేదీలనూ పక్కపక్క ఆప్షన్లుగా ఇస్తే తడబడని వాడుండడు. నిన్నటి తప్పు ఏదైనా ఉంటే ఈ రోజు పోస్టులో మొదటి లైనుగా వేస్తున్నారు. ఫార్వర్డ్ చేసుకునే నాబోటి వాళ్లకు ఇదే పెద్ద మేలు.

ఇంకా పోని జబ్బులున్నాయి. వార్తలు తక్కువైన ఆదివారాల్లో ఎక్కడెక్కడి దినోత్సవాలో తెచ్చి ఎనిమిది నింపుతారు. ఐదు వార్తలతో ఆపితే ఎవరూ ఏడవరు. ఒకే కమిటీని పొద్దున "ద్రవ్య విధాన కమిటీ" అని, సాయంత్రం క్విజ్‌లో "పరపతి విధాన సంఘం" అని రాస్తారు, కొత్తవాళ్లు రెండనుకుంటారు. పీడీఎఫ్ మాత్రం నేను దింపుకోవడం మానేశాను. ఇప్పుడు ఫార్వర్డ్ బదులు పోస్టు లింకు ఒక్కటే దాచుకుంటున్నాను, తెరిచినప్పుడల్లా దిద్దినదే కనిపిస్తుంది. పోస్టు కింద `edited` అని కనిపిస్తే మాత్రం బస్సు దిగేలోపు ఇంకోసారి చదువుతాను.