రెండేళ్ల బాండా, పదేళ్ల బాండా?

రెండూ 100కి కొన్నవే, ఏటా 6 ఇచ్చేవే. మార్కెట్లో వడ్డీ 7 శాతానికి పెరిగితే మన 6ని ఎవరూ 100కి కొనరు, ధర తగ్గించాల్సిందే. రెండేళ్ల బాండుకు ఏటా 1 చొప్పున లోటు రెండుసార్లే, అందుకే ధర దాదాపు 98.2 దగ్గర ఆగుతుంది. పదేళ్లదానికి లోటు పదిసార్లు. దూరాన వచ్చే లోటు విలువ ఇవాళ్టి లెక్కలో తక్కువ కాబట్టి ధర 90కి కాదు, దాదాపు 93కి జారుతుంది.

ఒక కర్ర చివర పట్టుకుని మణికట్టు కాస్త తిప్పండి. పొట్టి కర్ర కొస కొద్దిగానే కదులుతుంది, పొడుగుదాని కొస చాలా దూరం ఊగుతుంది. ఆ పొడవే డ్యూరేషన్. అయితే అది పదేళ్లు కాదు సుమా! మధ్యలో చేతికొచ్చే వడ్డీలు కర్రను పొట్టి చేస్తాయి. ఈ పదేళ్ల బాండుకు సవరించిన డ్యూరేషన్ 7.4, అంటే వడ్డీలో 1 శాతం పెరుగుదలకు ధర సుమారు 7.4 శాతం పడుతుందని అంచనా. నిజంగా పడింది 7. మార్పు పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

మధ్యలో అమ్మాల్సి రావచ్చనుకుంటే నేనైతే పొట్టి కర్రే పట్టుకుంటాను.