ఓబీఎస్, పవర్‌టాయ్స్, డావిన్చీ రిజాల్వ్: స్క్రీన్ పాఠాలకు మెరుగులు దిద్దడంలో ఈ మూడూ ఎంతవరకు పనికొస్తాయి

తెర మీద చేసి చూపించే పాఠానికి మూడు మెరుగులు కావాలి. చిన్న అక్షరాలు కనపడాలంటే జూమ్, చూసేవాడి కన్ను తప్పిపోకుండా కర్సర్ చుట్టూ వెలుగు, మాట తడబడిన చోట శుభ్రమైన కోత. ఈ మూడూ డబ్బు పెట్టకుండా జరగాలంటే విండోస్‌లో రికార్డింగుకు ఓబీఎస్ స్టూడియో, కర్సర్ వెలుగుకు పవర్‌టాయ్స్, ఎడిటింగుకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ కలిపి వాడుకోవచ్చు. చాలాకాలంగా ఈ మూడింటితోనే పాఠాలు చేస్తున్నాక తేలిందేమిటంటే, ఫలితం మంచిచెడ్డలు పనిముట్ల కంటే పని వరుస మీద ఎక్కువ ఆధారపడతాయి. ముందు మాటల తప్పులు కోసి, ఆ తర్వాతే జూమ్ పెట్టాలి. ఈ వరుస తిరగబడితే చేసిన జూములన్నీ మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

రికార్డింగుతో మొదలుపెడదాం. చివరికి వెళ్లేది 1920x1080 వీడియో అయినా, రికార్డింగ్ 3840x2160లో, అంటే 4కెలో ఉంటే రెండింతల జూమ్ దాకా అక్షరం చెదరదు, ఎందుకంటే అసలు పిక్సెళ్లు అక్కడ ఉన్నాయి. 2560x1440 తెరతో దాదాపు 1.33 రెట్ల దాకా నిశ్చింత. తెరే 1920x1080 అయితే జూమ్ చేసిన ప్రతిసారీ లేని పిక్సెళ్లను ఊహించి నింపడమే. 1.3 దాకా ఓర్చుకోవచ్చు, 1.5 దగ్గర అక్షరాల అంచులు మెత్తబడతాయి. అలాంటి తెర ఉన్నవాళ్లు జూమ్ మీద ఆశ పెట్టుకోకుండా, చూపించే ప్రోగ్రాములోనే అక్షరాల సైజు పెంచి రికార్డు చేయడం మేలు.

ఓబీఎస్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. వీడియో సెట్టింగుల్లో బేస్, అవుట్‌పుట్ అని రెండు సైజులుంటాయి. మొదటిది 4కె పెట్టి రెండోది 1080 దగ్గరే వదిలేస్తే రికార్డయ్యేది 1080యే. రెండూ సమానంగా ఉండాలి. ఫ్రేములు సెకనుకు 30 చాలు. క్వాలిటీకి, నాణ్యతను ఒకే స్థాయిలో ఉంచే CQP పద్ధతిలో 18 దగ్గర పెడితే అక్షరాల చుట్టూ మురికి రాదు. ఫైల్‌ను ఎంకేవీగా రాయించుకుని, తర్వాత ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవాలి. నేరుగా ఎంపీ4గా రాస్తుండగా మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే ఫైల్ మొత్తం పనికిరాకుండా పోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా రాసినదైనా మిగులుతుంది.

కర్సర్ వెలుగుకు పవర్‌టాయ్స్‌లోని మౌస్ హైలైటర్ వాడాలి. Win+Shift+H నొక్కితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఎడమ క్లిక్‌కు ఒక రంగు, కుడి క్లిక్‌కు ఇంకో రంగు, క్లిక్ లేకపోయినా కర్సర్ వెంట తిరిగే వలయానికి వేరే రంగు ఎంచుకోవచ్చు. మామూలుగా వచ్చే వలయం వ్యాసార్థం 20 పిక్సెళ్లు. 4కె తెర మీద అది చుక్కలా ఉంటుంది కాబట్టి 45 దాకా పెంచాలి. వెంట తిరిగే వలయం రంగును బాగా పలుచన చేయాలి, లేదంటే కింద ఉన్న మెనూ అక్షరాలే మూసుకుపోతాయి.

ఈ వలయాన్ని పవర్‌టాయ్స్ వేరే పొరగా, అన్ని విండోల పైన గీస్తుంది. అందుకే ఓబీఎస్‌లో డిస్‌ప్లే క్యాప్చర్ పెడితేనే రికార్డింగులోకి వస్తుంది. ఒక్క విండోనే పట్టే విండో క్యాప్చర్‌లో రాదు. వెలుగు కనిపించడం లేదనే ఫిర్యాదులకు ఎక్కువగా ఇదే కారణం. ఇంకో పరిమితి పెద్దది. వలయం బొమ్మలో కలిసిపోతుంది, తర్వాత తీయలేం, పెంచలేం, రంగు మార్చలేం. డబ్బు పెట్టి కొనుక్కునే రికార్డర్ కామ్‌టేషియా తన రికార్డింగును .trec ఫైల్లో దాచేటప్పుడు కర్సర్ కదలికలను బొమ్మతో కలపకుండా విడిగా ఉంచుతుంది కాబట్టి అక్కడ ఎడిటింగులో కూడా వాటిని మార్చుకోవచ్చు. వారానికి నాలుగైదు పాఠాలు చేసేవాళ్లకు ఆ ఒక్క సౌకర్యం కోసమే డబ్బు పెట్టడం సబబే. నెలకు రెండు మూడు చేసేవాళ్లకు మాత్రం, ముందే పది సెకన్లు రికార్డు చేసి వలయం చూసుకుని మొదలుపెడితే ఈ ఉచిత దారి చాలు.

ఇప్పుడు అసలు పనిలోకి. స్ప్రెడ్‌షీట్‌లో డ్రాప్‌డౌన్ జాబితా ఎలా పెట్టాలో చూపే 52 సెకన్ల ముక్క ఉందనుకుందాం. సెట్టింగుల పెట్టె తెరిచాక, 14వ సెకను దగ్గర "మూడో ట్యాబ్ తెరవండి" అనాల్సింది "రెండో ట్యాబ్ తెరవండి" అన్నారు. 17వ సెకను దగ్గర తప్పు తెలిసింది. అప్పుడు తప్పు మాటను అక్కడికక్కడే సరిదిద్దుకుని సాగిపోకూడదు. నోరు ఆపి, రెండు మూడు సెకన్లు కదలకుండా ఉండి, తెరను వాక్యం మొదట్లో ఉన్న స్థితికి తెచ్చి, కర్సర్‌ను కూడా అప్పుడున్న చోటికి తీసుకెళ్లి, వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పాలి. ఆగిన వెంటనే ఒక చప్పట కొడితే, శబ్దాన్ని బొమ్మగా చూపే వేవ్‌ఫామ్‌లో అది నిలువు గీతలా కనిపిస్తుంది, ఎడిటింగులో తప్పుల కోసం మొత్తం వినక్కర్లేదు.

మాటను కాకుండా వాక్యాన్నే మళ్లీ చెప్పమనడానికి కారణం మన భాషలోనే ఉంది. మాట్లాడేటప్పుడు ఒక మాట చివరి అచ్చు తర్వాతి మాటలోకి జారిపోతుంది. "మూడో" అనే ఒక్క ముక్కను వేరే చోటు నుంచి తెచ్చి అతికిస్తే అటూ ఇటూ సంధి తెగి, స్థాయి మారి, అతుకు చెవికి తెలిసిపోతుంది. వాక్యం ముగిశాక వచ్చే నిశ్శబ్దంలో కోస్తే ఆ బాధ లేదు.

రిజాల్వ్‌లో ఎడిట్ పేజీలో ముందటి వాక్యం ముగిసిన 13వ సెకను దగ్గర Ctrl+B, మళ్లీ చెప్పిన వాక్యానికి ముందు, అంటే 21వ సెకనుకు కాస్త ముందు ఇంకోసారి Ctrl+B. మధ్య ముక్కను ఎంచుకుని Delete నొక్కితే అది పోయి, తర్వాతది ముందుకు జరిగి అతుక్కుంటుంది. Backspace నొక్కితే ఖాళీ మిగులుతుంది, ఈ తేడా గుర్తుంచుకోవాలి. రెండో కోత ఊపిరి తీసుకునే శబ్దానికి ముందు పడాలి. ఊపిరి సగంలో తెగితే వినేవాడికి కారణం తెలియకపోయినా ఏదో ఎగిరిపోయినట్టు అనిపిస్తుంది. రెండు వాక్యాల మధ్య 8 నుంచి 10 ఫ్రేముల విరామం వదిలి, అతుకు మీద రెండు ఫ్రేముల ఆడియో క్రాస్‌ఫేడ్ వేస్తే టిక్కుమనే శబ్దం రాదు.

కోతకు ముందు క్లిక్ ఏదైనా ఉందేమో కూడా చూడాలి. మామూలు సెట్టింగులో మౌస్ హైలైటర్ వెలుగు క్లిక్ తర్వాత 500 మిల్లీసెకన్లు నిలిచి, 250లో ఆరిపోతుంది. అంటే 30 ఫ్రేముల వీడియోలో దాదాపు 23 ఫ్రేములు. ఆ లోపు కోస్తే సగం వెలుగుతున్న వలయం హఠాత్తుగా మాయమవుతుంది. క్లిక్ చేశాక ఒక సెకను చేయి కదలకుండా ఉంచడం అలవాటైతే కోతకు ఎప్పుడూ చోటుంటుంది.

కోతలన్నీ అయ్యాకే జూమ్. రిజాల్వ్‌లో డైనమిక్ జూమ్ అనే సిద్ధమైన సదుపాయం ఉంది కానీ పాఠాలకు పనికిరాదు. అది క్లిప్ మొదటి నుంచి చివరి దాకా కదులుతూనే ఉంటుంది. మనకు కావలసింది చప్పున దగ్గరికెళ్లి, నిలబడి, వెనక్కి రావడం. క్లిప్ మీదే కీఫ్రేములు, అంటే జూమ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు పెట్టొచ్చు గానీ, కోతలతో ముక్కలైన క్లిప్‌లో ఒక ముక్కకు పెట్టిన జూమ్ రెండో ముక్కకు రాదు, అతుకు దగ్గర బొమ్మ గెంతుతుంది. అందుకని ఎఫెక్ట్స్‌లోని అడ్జస్ట్‌మెంట్ క్లిప్‌ను పై ట్రాక్‌లో వేసి, దాని మీద కీఫ్రేములు పెట్టాలి. కింద ఎన్ని అతుకులున్నా జూమ్ ఒక్కటే సాగుతుంది. ఇది ఒక్కటి తెలిస్తే పని సగానికి తగ్గుతుంది.

దీనిలో ఒక మెలిక ఉంది. క్లిప్ మీద నేరుగా చేసిన జూమ్ అసలు 4కె పిక్సెళ్లను వాడుకుంటుంది. అడ్జస్ట్‌మెంట్ క్లిప్ మాత్రం టైమ్‌లైన్ సైజుకు కుదించిన బొమ్మను పెద్దది చేస్తుంది. టైమ్‌లైన్ 1080 అయితే 4కెలో రికార్డు చేసిన ప్రయోజనం అంతా పోయి అక్షరాలు మసకబారతాయి. మందు తేలికే: టైమ్‌లైన్ రిజల్యూషన్ 3840x2160 పెట్టి పని చేసి, డెలివర్ పేజీలో మాత్రం 1920x1080 ఎంచుకోవాలి. ఫ్రేమ్ రేటును కూడా మొదటి క్లిప్ వేయకముందే 30కి పెట్టాలి, తర్వాత ఆ టైమ్‌లైన్‌కు మార్చనివ్వదు.

మన ఉదాహరణలో ట్యాబ్ ఉన్న చోటు ఎడమ నుంచి 2900, పై నుంచి 600 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. మధ్య బిందువు 1920, 1080. అంటే లక్ష్యం 980 కుడికి, 480 పైకి. జూమ్ 1.8 అయితే దాన్ని నడిమధ్యకు తేవడానికి పొజిషన్ X −1764, Y −864 కావాలి. కానీ బొమ్మ అంచు దాటకుండా ఎంత జరపగలమో దానికీ లెక్క ఉంది: అడ్డంగా 1920 × (1.8 − 1) = 1536, నిలువుగా 1080 × 0.8 = 864. Y సరిగ్గా హద్దులో ఉంది, X దాటింది. −1764 అలాగే పెడితే కుడి అంచున నల్ల పట్టీ కనిపిస్తుంది. X −1536 దగ్గర ఆపాలి. ట్యాబ్ నడిమధ్యకు రాకుండా కొద్దిగా కుడికి ఉంటుంది, దాంతో నష్టమేమీ లేదు.

జూమ్ కదలిక 18 ఫ్రేములు ఉండాలి. 10 కంటే తక్కువైతే కుదుపులా, 30 దాటితే నత్తనడకలా ఉంటుంది. కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా రెండు కీఫ్రేములకూ ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ పెట్టాలి. కర్సర్ కదలడానికి ముందే జూమ్ ముగిసిపోవాలి, రెండూ ఒకేసారి కదిలితే కన్ను దేన్నీ పట్టుకోలేదు. దగ్గరికెళ్లాక కనీసం మూడు సెకన్లు నిలవలేని చోట జూమే వద్దు.

మళ్లీ చెప్పేటప్పుడు కర్సర్‌ను పాత చోటికి తేవడం మరిచిపోతే, అతుకు దగ్గర అది ఒక్కసారిగా గెంతుతుంది. ఇక్కడ క్రాస్ డిజాల్వ్ వేయబోతారు చాలామంది. అప్పుడు తెర మీద రెండు కర్సర్లు, రెండు వలయాలు దయ్యాల్లా కనిపిస్తాయి. దానికంటే జూమ్‌ను జరిపి, దాని 18 ఫ్రేములలో 9వ ఫ్రేమ్ సరిగ్గా అతుకు మీద పడేలా పెట్టాలి. బొమ్మంతా కదులుతున్న ఆ క్షణంలో కర్సర్ గెంతడం కనిపించదు. జూమ్ వేరే పొరలో ఉండటం వల్లే ఇది సాధ్యం. గెంతు తెర ఆ చివర నుంచి ఈ చివరకు ఉంటే మాత్రం ఇదీ దాచలేదు, ఆ వాక్యం తిరిగి రికార్డు చేసుకోవాల్సిందే.

ఇతర రికార్డర్ల నుంచి, ఫోన్ల నుంచి వచ్చే ఫైళ్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండకపోవచ్చు. మొదట్లో సరిగా ఉన్న మాట, పదో నిమిషానికి క్లిక్ కంటే ముందో వెనకో పడుతుంటే కారణం అదే. ఎడిటింగుకు ముందే ffmpeg అనే ఉచిత ప్రోగ్రాముతో, కమాండ్ లైన్‌లో ఇలా మార్చుకోవాలి:

```
ffmpeg -i in.mp4 -fps_mode cfr -r 30 -c:v libx264 -crf 16 -c:a copy out.mp4
```

4కె టైమ్‌లైన్ పాత గ్రాఫిక్స్ కార్డు మీద భారంగా నడుస్తుంది. ప్లేబ్యాక్ మెనూలో చూపించే రిజల్యూషన్‌ను సగానికో పావుకో తగ్గిస్తే కోతల పని సాఫీగా సాగుతుంది, ఎగుమతి నాణ్యత మారదు. జూమ్ అక్షరాల స్పష్టతను పరీక్షించేటప్పుడు మాత్రం దాన్ని పూర్తికి తెచ్చి చూడాలి. లినక్స్ వాడేవాళ్లకు ఈ మూడింటి జత కుదరదు. పవర్‌టాయ్స్ విండోస్‌కే పరిమితం, రిజాల్వ్ ఉచిత వెర్షన్ లినక్స్‌లో హెచ్.264 వీడియోను తెరవదు.