వక్త మారిపోయిన ఇరవై నిమిషాల్లో ఏ పరిచయం మేలు?

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఒక కళాశాలలో పదిన్నరకు సభ. ముఖ్య వక్త గురించి రెండు పేజీల పరిచయం నాలుగు రోజుల ముందే రాసి జేబులో పెట్టుకున్నాను. పదీ పదికి నిర్వాహకుల్లో ఒకరు గబగబా వచ్చి, ఆయన ఎక్కిన రైలు దారిలో నిలిచిపోయిందన్నారు. రెండో వరుసలో కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయుడొకరు మాట్లాడటానికి ఒప్పుకున్నారట. "సీతంపేట ఏజెన్సీలో ప్రధానోపాధ్యాయులుగా చేశారు. చాలా పెద్దమనిషి. మీరే ఏదో ఒకటి చెప్పేయండి" అన్నారు. నా దగ్గర ఉన్నది ఆ మాట, ఇరవై నిమిషాల సమయం.

ఇలాంటప్పుడు మన సభల్లో మామూలుగా జరిగేది విశేషణాల వర్షం. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, పరిచయం అక్కర్లేని వ్యక్తి... వీటికి ముందస్తు తయారీ అక్కర్లేదు, ఎవరికైనా సరిపోతాయి, వచ్చిన చిక్కూ అదే. నిజంగా పరిచయం అక్కర్లేని మనిషైతే రెండో వరుసలోంచి లేపుకొచ్చేవారు కాదు కదా! పైగా అసలు వక్త రాలేదని సభకు అప్పటికే తెలిసిపోతుంది. లోటు పూడ్చడానికే పొగుడుతున్నామని వినేవాళ్లు ఇట్టే పసిగడతారు, వేదిక మీద ఆ మనిషి తల దించుకుంటారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజున గ్రాంథిక సమాసాలు దొర్లించడం మరీ అన్యాయం.

రెండో దారి ఫోనులో వెతకడం. సమాచారం దొరికితే దీనికి మించినది లేదనిపిస్తుంది. కానీ మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు ఒక అక్షరంగా మిగిలిపోయిన చోట అదే పేరుతో ఒక కవి, ఒక వైద్యుడు, ఒక ప్రభుత్వాధికారి కనిపిస్తారు. ఒకరి పుస్తకాన్ని మరొకరికి అంటగట్టడం రెండు నిమిషాల పని. దాన్ని సరిదిద్దుతూ తన ప్రసంగం మొదలుపెట్టాల్సిన గతి పాపం ఆ వక్తకు పడుతుంది. ఎదుటి మనిషి పది అడుగుల దూరంలో కూర్చుని ఉండగా తెరను అడగడం ఎందుకు?

మూడోది, "తమ గురించి తామే చెప్పుకోవాలని కోరుతున్నాను" అని మైకు అందించేయడం. తప్పు దొర్లే ప్రమాదం లేదు, నిజమే. అయితే మొహమాటస్థుడు "నా గురించి చెప్పుకోవడానికి ఏముంది" అని ఊరుకుంటారు, మాటకారి పది నిమిషాలు తన ఉద్యోగ చరిత్ర చెబుతారు. ఒకరి గురించి మరొకరు చెప్పినప్పుడు వచ్చే ఆత్మీయత రెండు విధాలా పోతుంది. వక్తతో ఒక్క మాటైనా మాట్లాడే వీలు లేకపోతే మాత్రం, కల్పించి చెప్పడం కంటే ఇదే నయం.

నాకు నాలుగో దారే మేలనిపిస్తుంది. మనిషినే అడిగి రెండు మూడు నిజాలు తెలుసుకోవడం, వాటితోనే నిమిషంలో ముగించడం. ఆ రోజు ఆ మాస్టారి పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు వేశాను. మైకులో మీ పేరు ఎలా చెప్పమంటారు? ఈ రోజు విషయంతో మీకు ముడి ఎక్కడ పడింది? ఏ సంగతి చెప్పవద్దంటారు?

మొదటిదానికి జవాబుగా ఇంటిపేరు పూర్తిగా చెప్పమన్నారు, దాంతోపాటు ఒక దిద్దుబాటూ ఇచ్చారు. "నేను ప్రధానోపాధ్యాయుడిని కానండీ, సెకండరీ గ్రేడ్ టీచరుగానే దిగిపోయాను." అడగకపోతే ఆయనకు లేని హోదా కట్టబెట్టి ఉండేవాణ్ని. సభలో ఆయన పాత సహోద్యోగులు నలుగురున్నారని తరువాత తెలిసింది. రెండో ప్రశ్నకు, సవర గిరిజన పిల్లలకు పదకొండేళ్లు చదువు చెప్పానని, మొదటి ఏడాది వాళ్ల మాట తనకు, తన మాట వాళ్లకు అర్థం కాలేదని, అందుకే ఒక నోటుపుస్తకంలో సవర మాటలు రాసుకోవడం మొదలుపెట్టానని అన్నారు. మూడోదానికి కాసేపు ఆలోచించి, "ఆ పుస్తకంలో మొదటి మాట ఏమిటో మీరు చెప్పకండి, నేను చెబుతాను" అన్నారు.

ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. దొరికిన కొద్దిపాటి సరుకులో రుచికరమైనదాన్ని పరిచయకర్తే వడ్డించేస్తే, వక్త లేచేసరికి విస్తరి ఖాళీ.

ఇక ముడి వేయడమే మిగిలింది. గిడుగు అనగానే అందరికీ వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు నడిపి, వాచకాలు రాసిన సంగతి అంతగా గుర్తుకురాదు. ఆ సంగతీ, ఈ మాస్టారి నోటుపుస్తకమూ పక్కపక్కన పెడితే చాలు, విశేషణం ఒక్కటి కూడా అక్కర్లేదు. ఫోనులో కాకుండా చిన్న కాగితం మీద నాలుగు మాటలు రాసుకున్నాను: గిడుగు, సవర, పదకొండేళ్లు, నోటుపుస్తకం. కింద ఆయన పూర్తి పేరు. మాట్లాడుతుండగా తెర ఆరిపోతే వెతుక్కోవడం నాకు ఒకసారి అనుభవమే.

రైలు సంగతి నిర్వాహకులనే ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. పరిచయంలో "ఆయన రాలేదు కనుక ఈయన" అన్న మాట దొర్లిందంటే, తరువాత ఎంత మంచి మాట చెప్పినా ఓదార్పులాగే వినిపిస్తుంది. నేను చెప్పింది ఇంతే:

"ఈ రోజు మనం గిడుగువారిని తలచుకుంటున్నాం. తెలుగు వాడుక భాష కోసం పోరాడిన ఆయన, సవర పిల్లల కోసం వాళ్ల భాషా నేర్చుకున్నారు. ఈ వేదిక మీద ఉన్న మాస్టారు సీతంపేట ఏజెన్సీలో సవర పిల్లలకు పదకొండేళ్లు పాఠాలు చెప్పారు. మొదటి ఏడాది బడిలో పిల్లలతో పాటు తానూ ఒక విద్యార్థినే అంటారు. అప్పుడు రాసుకున్న మాటల పుస్తకం ఆయన దగ్గర ఉంది. అందులో మొదటి మాట ఏమిటో నాకు తెలుసు, కానీ చెప్పను."

ఆ తరువాత పేరు. పేరు చివర్లో ఎందుకంటే చప్పట్లు పేరుకే పడతాయి. ముందే చెప్పేస్తే జనం అక్కడే చప్పట్లు కొట్టేస్తారు, మిగతా వాక్యాలు చల్లారిన కాఫీ అవుతాయి. నెమ్మదిగా చెప్పినా అంతా కలిపి నిమిషం పట్టలేదు.

ఈ పద్ధతికి లొంగని సందర్భాలూ ఉన్నాయి. వక్త చెప్పిన నిజాల్లో ఒక్కటీ విషయానికి తగలకపోతే బలవంతంగా ముడి వేయకూడదు. అతుకు కనబడిపోతుంది. అప్పుడు పేరు, చేసిన పని, మాట్లాడటానికి వెంటనే ఒప్పుకున్నందుకు కృతజ్ఞత చెప్పి పక్కకు తప్పుకోవాలి. అలాగే, సభికులందరూ వక్తను ఎరిగినవాళ్లే అయితే, వాళ్లకు తెలియని ఒక్క సంగతి చాలు.

మాస్టారు ముప్పావు గంట మాట్లాడారు. పన్నెండు దాటాక అసలు వక్త చెమటలు కక్కుతూ వచ్చి చేరారు. జేబులోంచి రెండు పేజీలూ తీసి చూసుకున్నాను. అవార్డుల జాబితా, పదవుల జాబితా ఉన్నాయి. మడిచి మళ్లీ జేబులో పెట్టి, వెళ్లి ఆయన పక్కన కూర్చుని అవే మూడు ప్రశ్నలు అడిగాను.