లాక్టేజ్ ట్యాబ్లెట్లు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, పాలు అరగనివాళ్లు వేసుకునే ఈ ట్యాబ్లెట్లు నాకైతే పనిచేస్తున్నాయి. కానీ ఏదో ఒక ట్యాబ్లెట్ మింగేసి ఆ తర్వాత ఎన్ని పాలు తాగినా ఏమీ కాదులే అనుకునేవాళ్లకు మాత్రం పనిచేయవు. "డబ్బు దండగ, ఏం తేడా లేదు" అని రాసిన రివ్యూలు చాలా చదివాను. వాటిలో చాలావరకు ట్యాబ్లెట్ ఎప్పుడు వేసుకున్నారన్న దగ్గరే తేడా కొట్టిందని నాకనిపిస్తుంది. అందుకే ఏ బ్రాండ్ మంచిదన్న గొడవలోకి వెళ్లకుండా, లోపల అసలు ఏం జరుగుతుందో చెప్తాను.

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. ఇది గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుని ఉన్న జంట. పేగు గోడ విడివిడి చక్కెరలనే లోపలికి తీసుకుంటుంది, జంటని తీసుకోదు. ఆ జంటని విడగొట్టే ఎంజైమే లాక్టేజ్. చిన్నపేగు లోపలి పొర మీద పుట్టినప్పటి నుంచీ ఉంటుంది గానీ, ప్రపంచంలో ఎక్కువ మందికి బాల్యం దాటాక తగ్గిపోతుంది. తగ్గినవాళ్లలో లాక్టోజ్ విడిపోకుండా అలాగే పెద్దపేగుకి చేరుతుంది, దారిలో నీళ్లని తనవైపు లాక్కుంటుంది, అక్కడున్న బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. కడుపు ఉబ్బరం, గుడగుడలు, నొప్పి, విరేచనాలు అన్నీ ఇందులోంచే వస్తాయి. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో మొదలవుతాయి. (అంటువ్యాధిలా వచ్చిన విరేచనాల తర్వాత పేగు పొర దెబ్బతిని కొన్నాళ్లు ఇలాగే ఉండొచ్చు, అది తర్వాత సర్దుకుంటుంది. కాబట్టి ఒక వారం పాలు పడలేదని జీవితాంతానికి నిర్ణయం తీసుకోనక్కర్లేదు.)

నేను ట్యాబ్లెట్ మొదలుపెట్టకముందే శ్వాస పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున ఒకసారి ఊదించారు, లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించారు, తర్వాత కొన్ని గంటలపాటు మధ్యమధ్యలో ఊదిస్తూ కూర్చోబెట్టారు. మన శరీర కణాలు హైడ్రోజన్ తయారుచేయవు, అది పేగుల్లోని బ్యాక్టీరియా పని. కాబట్టి ఊపిరిలో హైడ్రోజన్ మొదటి రీడింగ్ కంటే 20 పీపీఎం లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే లాక్టోజ్ అరగకుండా కిందికి వెళ్లిందని అర్థం. అయితే కొందరి పేగుల్లో ఆ హైడ్రోజన్‌ని మీథేన్‌గా మార్చేసే సూక్ష్మజీవులుంటాయి. వాళ్లకి హైడ్రోజన్ ఒక్కటే కొలిస్తే ఏమీ లేదని రిపోర్ట్ రావచ్చు. మీథేన్ కూడా కొలిచే చోట చేయించుకోవడం నయం.

ఇప్పుడు అసలు విషయం. ట్యాబ్లెట్లలో వాడే లాక్టేజ్ ఎక్కువగా ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీస్తారు. ఇది కొంత ఆమ్లాన్ని తట్టుకుంటుంది, ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 4.5, 5 ప్రాంతంలో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. కానీ ఖాళీ కడుపులో పీహెచ్ 2 చుట్టుపక్కలకి దిగిపోతుంది, అక్కడ ఈ ఎంజైమ్ త్వరగా పాడైపోతుంది. తిండి పడితే ఆమ్లం పలచబడి పీహెచ్ పైకి వస్తుంది, అప్పుడు ఎంజైమ్‌కి ఊపిరాడుతుంది. తర్వాత చిన్నపేగులోకి దిగాక అక్కడి ప్రోటీన్‌ని అరిగించే రసాలు దీన్నీ ఒక ప్రోటీన్‌గానే చూసి ముక్కలు చేసేస్తాయి. అంటే మనకున్న అవకాశమల్లా, తిండి కడుపులో నిలిచి ఉన్నంతసేపే. ఈ ఎంజైమ్ మన పేగు గోడకి అతుక్కుని అక్కడే ఉండిపోదు. ఈరోజు వేసుకున్నది రేపటికి పనికిరాదు.

ఒక గ్లాసు పాలతో ఇదెలా ఉంటుందో చూడండి. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అవే పాలని అదే డోస్‌తో మూడు రకాలుగా తీసుకున్నాను. ట్యాబ్లెట్ ముందుగా వేసుకుని, పావుగంట ఆగి, ఖాళీ కడుపుతో పాలు తాగితే దాదాపు వేసుకోనట్టే ఉంది. ఎంజైమ్ ఆమ్లంలో ఒంటరిగా కూర్చుంది కాబట్టి ఆశ్చర్యం లేదు. ట్యాబ్లెట్, పాలు కలిపి, కానీ వేరే తిండి లేకుండా తాగితే కొంత నయం, అయినా ఉబ్బరం ఉంది. దీనికి నేను అర్థం చేసుకున్న కారణం ఇది: పాలు కడుపులో పడగానే గడ్డకడతాయి, గడ్డ ఆగుతుంది గానీ నీళ్లలాంటి భాగం ముందు కిందికి దిగిపోతుంది. లాక్టోజ్ ఉండేది ఆ నీళ్లలోనే. ఎంజైమ్‌కి టైమ్ దొరకదు. ఇక భోజనం మొదటి ముద్దతో ట్యాబ్లెట్, ఆ భోజనంలోనే పాలు అయితే చాలాసార్లు ఏమీ తెలియలేదు. గట్టి తిండి, కొవ్వు ఉన్న తిండి కడుపులో ఎక్కువసేపు ఆగుతుంది, అంతసేపూ విడగొట్టే పని సాగుతుంది.

డోస్ ఎఫ్‌సీసీ యూనిట్లలో రాస్తారు, సీసా మీద 3000, 4500, 9000 అని కనిపించేవి అవే. మిల్లీగ్రాములు చూసి పోల్చకండి, ఎంత పొడి ఉందన్నది కాదు, ఎంత పని చేస్తుందన్నది లెక్క. ఆ యూనిట్‌ని ల్యాబ్‌లో పీహెచ్ 4.5, 37 డిగ్రీల దగ్గర, అసలు లాక్టోజ్ కూడా కాని ఒక కృత్రిమ పదార్థం మీద కొలుస్తారు. ఆ లెక్కన కాగితం మీద చూస్తే 10 గ్రాముల లాక్టోజ్‌ని 4500 యూనిట్లు పది నిమిషాల్లోపే తేల్చేయాలి. మన కడుపు ల్యాబ్ కాదు కదా. ఈ ఎంజైమ్ లాక్టోజ్ అరుగుదలకి సాయపడుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకున్నది లాక్టోజ్ ఉన్న ప్రతి భోజనంతో కనీసం 4500 యూనిట్లు తీసుకున్నప్పుడు. నాకు ఒక గ్లాసుకి అది సరిపోతుంది, ఐస్‌క్రీమ్ కూడా ఉంటే 9000 వేసుకుంటాను, భోజనం కబుర్లతో ముప్పావు గంట దాటితే మధ్యలో ఇంకొకటి. తిన్నాక ఇబ్బంది మొదలయ్యాక వేసుకోవడం మాత్రం పూర్తిగా వృథా. అప్పటికి లాక్టోజ్ ఎంజైమ్ అందుకోలేని చోటికి వెళ్లిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి, చాలామంది ఒక్కసారిగా 12 గ్రాముల లాక్టోజ్ వరకూ, అంటే సుమారు ఒక గ్లాసు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. గట్టి చీజ్‌లో లాక్టోజ్ చాలా తక్కువ, పెరుగులో బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో కొంత పని చేసిపెడుతుంది. వీటికి కూడా ట్యాబ్లెట్ వేసుకుంటూ "భలే పనిచేసింది" అని సంతోషపడటంలో అర్థం లేదు, ట్యాబ్లెట్ లేకుండా తిన్నా బహుశా అలాగే ఉండేది.

సీసా పాతబడి అనుమానం వస్తే పరీక్షించుకునే మార్గం ఒకటుంది. ట్యాబ్లెట్‌ని పొడిచేసి గోరువెచ్చని పాలలో కలిపి, గంట తర్వాత మూత్రంలో గ్లూకోజ్ చూసే స్ట్రిప్‌ని అందులో ముంచాలి. మామూలు పాలలో స్ట్రిప్ రంగు మారదు, ఎంజైమ్ బతికే ఉంటే గ్లూకోజ్ విడుదలై రంగు మారుతుంది. అయితే కొన్ని ట్యాబ్లెట్లలో కలిపే పూరకంలోనే గ్లూకోజ్ ఉంటుంది, కాబట్టి ఇంకో ట్యాబ్లెట్‌ని వట్టి నీళ్లలో కలిపి అదీ చూడాలి. నీళ్లలోనూ రంగు మారితే ఆ పరీక్షతో ఏమీ తేలదు. వేడి, తేమ ఈ ఎంజైమ్‌కి శత్రువులు. మరుగుతున్న పాలలో వేస్తే అక్కడికక్కడే పోతుంది.

ఇక మా అక్క కొడుకు సంగతి. వాడికి పాల అలర్జీ. కొంచెం పాలు తగిలినా నిమిషాల్లో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు. మా చుట్టాల్లో ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, "నీ దగ్గర ఆ పాల ట్యాబ్లెట్ ఉందిగా, వాడికీ ఒకటివ్వరాదూ" అన్నారు. "వద్దండీ, వాడిది వేరే జబ్బు" అన్నాను. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది.

నాది చక్కెర సమస్య, అరుగుదల సమస్య. వాడిది ప్రోటీన్ సమస్య, రోగనిరోధక వ్యవస్థ సమస్య. పాలలోని కేసిన్‌నో, బీటా లాక్టోగ్లోబ్యులిన్ లాంటి ప్రోటీన్లనో వాడి శరీరం శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంది. పాలు తగలగానే అవి హిస్టమిన్ లాంటి రసాయనాలని విడుదల చేయిస్తాయి. అందుకే దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం, ఒక్కోసారి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావడం. నా ట్యాబ్లెట్ లాక్టోజ్‌ని తప్ప ఇంకేదీ ముట్టుకోదు. ఆ ప్రోటీన్లు చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి. పైగా ట్యాబ్లెట్ వేసుకున్నాం కదా అన్న ధైర్యంతో పాలు తాగించే ప్రమాదం ఉంది చూడండి, అదీ నా భయం.

నాకు తేడా పరిమాణంలో తెలుస్తుంది: ఒక చెంచా పాలు ఏమీ చేయవు, రెండు గ్లాసులు పడుకోబెడతాయి. వాడికి చెంచా అంచున అంటిన పాలు కూడా చాలు. నాకు కడుపు దగ్గరే ఆగుతుంది. చర్మం, పెదవులు, గొంతు, ఊపిరి వీటిలో ఏదైనా తేడా కనిపిస్తే అది లాక్టోజ్ పడకపోవడం కాదు. శ్వాస ఆడకపోయినా, తల తిరిగి పడిపోతున్నా వెంటనే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్, అత్యవసర వైద్యం కావాలి, ట్యాబ్లెట్లు వెతికే టైమ్ కాదది. కడుపు లక్షణాలు మాత్రమే ఉండే నెమ్మది రకం అలర్జీ కూడా పసిపిల్లల్లో ఉంటుంది, కాబట్టి పిల్లల విషయంలో ఇది ఇదే, అది అదే అని ఇంట్లో తేల్చేయకుండా డాక్టర్‌ని చూపించండి.

అలాగే "లాక్టోజ్ లేని పాలు" అన్న ప్యాకెట్ అలర్జీ ఉన్నవాళ్లకి సురక్షితం అనుకునేవాళ్లున్నారు. అవి అచ్చంగా పాలే. ఫ్యాక్టరీలో లాక్టేజ్ ముందే కలిపి జంటని విడగొట్టేశారు, అంతే, అందుకే మామూలు పాలకంటే కాస్త తియ్యగా ఉంటాయి. ప్రోటీన్లు మొత్తం అక్కడే ఉన్నాయి. గెలాక్టోసీమియా ఉన్నవాళ్లకీ ఇవి పనికిరావు, ఎందుకంటే వాళ్లకి హాని చేసేదే ఆ విడిపోయిన గెలాక్టోజ్.

పాలలో కలిపి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచే చుక్కలు కూడా దొరుకుతాయి. చుక్కల్లో ఎక్కువగా ఈస్ట్ నుంచి తీసిన, పాల పీహెచ్‌లో బాగా పనిచేసే ఎంజైమ్ ఉంటుంది, అది కడుపు ఆమ్లంలో నిలవదు కాబట్టి వాటిని నేరుగా మింగితే ప్రయోజనం లేదు. ఇంట్లో తాగే పాలకి నేను ఆ చుక్కలే వాడతాను, పని అంతా తాగకముందే అయిపోతుంది, భోజనంతో తాగాలా ఖాళీ కడుపుతో తాగాలా అన్న లెక్కలుండవు. ట్యాబ్లెట్లు బయట తినేటప్పటికి. నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఐదోది ఎందుకివ్వలేదంటే సీసా మీద "భోజనానికి ముందు ఒకటి" అని మాత్రమే రాసి, ఎంత ముందు అన్నది రాయకుండా వదిలేసినందుకు.