ఎండకు కమిలిన చర్మానికి ఏది మేలు: ఐస్ ముక్కలా, చల్లటి నీళ్లా?

లక్నవరంలో పొద్దంతా బోటింగ్ చేసి, వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి ఇంటికొస్తే రాత్రికి భుజాలు, మెడ వెనక భగ్గుమంటాయి. అక్కడున్నప్పుడు పెద్దగా తెలియదు, ఎందుకంటే ఈ మంట కొన్ని గంటలు ఆగి మొదలవుతుంది, మర్నాటికి గానీ ముదరదు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు కూడా, చెయ్యి పెడితే వేడి తగలడం, చర్మం బిగుసుకుపోవడం, చొక్కా ఆనినా నొప్పెట్టడం, ఇవే గుర్తులు.

అందరి చెయ్యీ ముందు ఫ్రిజ్‌లో ఐస్ మీదికే పోతుంది. పెట్టగానే హాయిగానే ఉంటుంది, కానీ ఐస్ నేరుగా తగిలితే అసలే దెబ్బతిన్న చర్మం ఇంకా పాడవుతుంది. నా ఓటు నీళ్లకే. మెత్తటి నూలు తువ్వాల తడిపి 10-15 నిమిషాలు కప్పండి, వెచ్చబడగానే మళ్లీ తడపండి, రోజులో మూడు నాలుగు సార్లు చేయండి. కాకపోతే మన హనుమకొండ ఎండలకు మేడ మీది ట్యాంకు నీళ్లు పొద్దుగూకినా కాగుతూనే ఉంటాయి, నల్లా కింద నిలబడేముందు చెయ్యి పెట్టి చూసుకోండి. బకెట్‌లో పట్టి నీడన ఉంచినవి నయం.

తర్వాత పూసేదేంటి? కొబ్బరినూనె, వ్యాజిలీన్ లాంటివి తాజా కాలుడు మీద పూస్తే వేడిని లోపలే ఆపేస్తాయి, మొదటి రోజు వాటి జోలికి పోవద్దు. వాసన లేని పల్చటి లోషన్ గానీ కలబంద జెల్ గానీ చాలు, అదీ ఒళ్లు తువ్వాలతో రుద్దకుండా అద్ది, కొంచెం తడి ఉండగానే. పెరట్లో కలబంద కోస్తే మట్ట నుంచి కారే పసుపు జిగురు పూర్తిగా పోనివ్వండి, దానికి కొందరికి దురద వస్తుంది. టూత్‌పేస్ట్ అస్సలు వద్దు.

బొబ్బలు లేచాయా, సూదితో పొడవకండి. ఆ పైపొరే లోపలి పచ్చి చర్మానికి కట్టు. దానంతటదే పగిలితే సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, వ్యాజిలీన్ పల్చగా రాసి, అంటుకోని గాజ్ గుడ్డ కట్టండి (ఇక్కడ వ్యాజిలీన్ పనికొస్తుంది, ఎందుకంటే వేడి దిగిపోయి ఉంటుంది).

చిన్నవి రెండు మూడైతే ఇంట్లోనే మానతాయి. వీపంతా లేచినా, ముఖం మీదో చేతుల మీదో మర్మాంగాల దగ్గరో వచ్చినా, చీము పట్టినా, చుట్టూ ఎర్ర చారలు పాకినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా డాక్టర్‌కు చూపించాలి. ఏడాది నిండని పాపకు ఒళ్లు కమిలితే బొబ్బల దాకా ఆగనే వద్దు. జ్వరం 103 దాటి వాంతులవుతుంటే వెంటనే ఆసుపత్రికి పొండి, మనిషి తికమకగా మాట్లాడినా, సొమ్మసిల్లినా అది వడదెబ్బ కావచ్చు, 108కి ఫోన్ చేయండి.

కొంచెం ఎండకే ఇంతలా కాలిందంటే వాడుతున్న మందుల చీటీ కూడా డాక్టర్‌కు చూపండి, డాక్సీసైక్లిన్ లాంటివి వేసుకునేవాళ్ల చర్మం ఎండకు తొందరగా కాలుతుంది.